విదేశంలో వారసులు.. ఊళ్లో ఆస్తి: విక్రయానికి సంతకం ఒక్కటే చాలదు

తండ్రి కట్టించిన ఇల్లు ఊళ్లో ఉంటుంది. పిల్లలు మాత్రం ఒకరు అమెరికాలో, మరొకరు గల్ఫ్‌లో స్థిరపడతారు. ఇంటిని విక్రయించాలని కుటుంబమంతా ఏకాభిప్రాయానికి వచ్చినా, రిజిస్ట్రేషన్ రోజున అందరూ ఊరికి చేరుకోవడం సాధ్యపడదు. అప్పుడు అందరికీ గుర్తుకొచ్చేది పవర్ ఆఫ్ అటార్నీ. అక్కడ సంతకం చేసి కొరియర్‌లో పంపితే సరిపోతుందన్న భావన చాలామందిలో ఉంది. ఆ కాగితం సబ్‌రిజిస్ట్రారు బల్ల మీదకు చేరిన తర్వాతే లోపాలు బయటపడుతున్నాయి. అప్పటికే బయానా చేతులు మారి ఉంటుంది. ఒప్పందం గడువు దగ్గరపడుతుంటుంది. విదేశంలో రాసిన అధికారపత్రం ఇక్కడ చెల్లాలంటే ఏ మెట్లు దాటాలి, ఎక్కడ తడబడుతోంది అన్నది ఒక ఉదాహరణతో పరిశీలిస్తే సులువుగా అర్థమవుతుంది.

ముగ్గురు వారసులు.. మూడు చోట్ల

తెనాలిలో 300 గజాల స్థలంలో ఒక ఇల్లు ఉందనుకుందాం. తండ్రి 1994లో స్వార్జితంతో కొన్నారు. వీలునామా రాయకుండానే మరణించారు. తల్లి తెనాలిలోనే ఉంటున్నారు. కుమారుడు కువైట్‌లో ఉద్యోగి. కుమార్తె అమెరికాలోని డాలస్‌లో నివాసం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, కుమారుడికి, కుమార్తెకు తలా మూడో వంతు వస్తుంది. పెళ్లయి వెళ్లిపోయినా, విదేశీ పౌరసత్వం తీసుకున్నా కుమార్తె వాటాకు భంగం ఉండదు. ఆమె సంతకం లేకుండా తల్లి, కుమారుడు కలిసి మొత్తం ఇంటిని అమ్మినా కొన్నవారికి దక్కేది మూడింట రెండు వంతులే.

రూ.60 లక్షలకు బేరం కుదిరింది. జనవరి 10న అగ్రిమెంటు రాసుకున్నారు. మూడు నెలల్లో, అంటే ఏప్రిల్ 10లోగా రిజిస్ట్రేషన్ పూర్తి కావాలన్నది షరతు. కొనేవారు బ్యాంకు రుణం తీసుకుంటున్నారు. తండ్రి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, 1994 నాటి దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ సిద్ధంగా ఉన్నాయి. కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాలని కొందరు సలహా ఇస్తుంటారు. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వంటి వాటికి ఉద్దేశించినది. ఇళ్లు, స్థలాలకు అది హక్కు పత్రం కాదు.

ఇక మిగిలింది ఇద్దరు పిల్లల అధికారపత్రాలు. ఇద్దరూ తమ మేనమామను ప్రతినిధిగా ఎంచుకున్నారు. తల్లి స్వయంగా సంతకం చేస్తారు.

చట్టం అడిగేది ఏమిటి?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ ఈ విషయంలో కీలకం. దేశంలో నివసించేవారు రిజిస్ట్రేషన్ నిమిత్తం అధికారపత్రం ఇవ్వాలంటే తమ ప్రాంతపు రిజిస్ట్రారు లేదా సబ్‌రిజిస్ట్రారు ఎదుట రాయాలి. విదేశంలో నివసించేవారికి మాత్రం వేరే మార్గం చూపింది. నోటరీ, కోర్టు, న్యాయమూర్తి, మేజిస్ట్రేటు, భారత కాన్సులు లేదా వైస్ కాన్సులు, కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి.. వీరిలో ఎవరో ఒకరి ఎదుట సంతకం చేయాలి. అంతేకాదు, ఆ అధికారి దానిని ప్రామాణీకరించాలి కూడా.

ఇందులో రెండు షరతులున్నాయి. సంతకం ఆ అధికారి కళ్ల ముందే జరగాలి. సంతకం చేసిన వ్యక్తి ఫలానా వారేనని తాను నిర్ధారించుకున్నట్టు అధికారి రాయాలి. రెండోదానిని చాలామంది పట్టించుకోరు. నోటరీ ముద్ర, సంతకం ఉంటే చాలనుకుంటారు.

జుగ్‌రాజ్ సింగ్ కేసులో 1970లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇదే అంశంపై వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో నోటరీ ఎదుట రాసిన అధికారపత్రం అందులో వివాదమైంది. మొదటి పత్రంలో సంతకందారును గుర్తించినట్టు నోటరీ రాయలేదు. అందుకని అది లోపభూయిష్టమని కోర్టు పేర్కొంది. ఆ లోపాన్ని సరిదిద్దుతూ తర్వాత రాసిన రెండో పత్రాన్ని ఆమోదించింది. విదేశీ నోటరీ ధ్రువీకరణ కూడా చెల్లుతుందని, అయితే గుర్తింపు వాక్యం తప్పనిసరని ఈ తీర్పు తేటతెల్లం చేసింది.

వీడియోలో సంతకం.. ఇక్కడ చిక్కు

డాలస్‌లోని కుమార్తె మొదట సులువైన మార్గం ఎంచుకున్నారనుకుందాం. టెక్సాస్‌లో 2018 నుంచి ఆన్‌లైన్ నోటరీ విధానం అమల్లో ఉంది. ఇంట్లో కూర్చుని కంప్యూటరు తెర మీద నోటరీకి పాస్‌పోర్టు చూపి, ఎలక్ట్రానిక్ సంతకం చేయవచ్చు. అరగంటలో పని పూర్తయింది. ఆ పత్రాన్ని ముద్రించి కొరియర్‌లో పంపారు. జనవరి 25న మేనమామకు అందింది.

రిజిస్ట్రేషన్‌కు ముందు కొనుగోలుదారు న్యాయవాది, బ్యాంకు న్యాయ సలహాదారు దానిని పరిశీలించి తిప్పి పంపారు. కారణం ఇక్కడి చట్టంలోనే ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపు ఇచ్చింది. కానీ కొన్ని పత్రాలను మొదటి షెడ్యూలులో చేర్చి మినహాయించింది. పవర్ ఆఫ్ అటార్నీ వాటిలో ఒకటి. 2022 సెప్టెంబరులో ఆ షెడ్యూలును సవరించినా, రిజర్వు బ్యాంకు, సెబీ వంటి సంస్థల నియంత్రణలో ఉన్న ఆర్థిక సంస్థలకు ఇచ్చే అధికారపత్రాలకే వెసులుబాటు దక్కింది. మేనమామకు, అన్నకు, స్నేహితుడికి ఇచ్చే పత్రానికి అది వర్తించదు. పైగా మేనమామ చేతికి అందినది సిరాతో సంతకం చేసిన అసలు కాగితం కాదు, తెర మీది సంతకానికి ముద్రిత ప్రతి మాత్రమే. నోటరీ ‘ఎదుట’ సంతకం జరిగిందా అన్న ప్రశ్న దానికి తోడవుతుంది.

అమెరికా అధికారులు అలాంటి పత్రానికి కూడా అపోస్టిల్ ఇవ్వవచ్చు. దానిని చూసి పత్రం ఇక్కడ చెల్లుతుందని భావించరాదు. అక్కడ చట్టబద్ధమైనది ఇక్కడ ఆస్తి విక్రయానికి చాలకపోవచ్చు. ఆస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే దానికి కొలమానం.

ఈ ఉదాహరణలో పది పదిహేను రోజులు వృథా అయ్యాయి. ఒప్పందం గడువు ఇంకా ఉండటంతో కుటుంబం బయటపడింది. మార్చిలో తెలిసి ఉంటే బయానా సంగతే ప్రశ్నార్థకమయ్యేది.

అపోస్టిల్ అంటే..

కుమార్తె రెండోసారి సరైన దారిలో వెళ్లారు. ముందుగా ఇక్కడి న్యాయవాది తయారు చేసిన ముసాయిదాను ఈ-మెయిల్‌లో తెప్పించుకుని సాధారణ తెల్ల కాగితాలపై ముద్రించుకున్నారు. ఇక్కడి స్టాంపు కాగితం అక్కడికి పంపనవసరం లేదు. ఫిబ్రవరి 5న ఇద్దరు సాక్షులతో కలిసి నోటరీ వద్దకు వెళ్లి, ఆయన ముందే ప్రతి పేజీపై సంతకం చేశారు. ఇంటి వద్దే సంతకం చేసి తీసుకెళ్లి ముద్ర వేయించుకోవడం సరికాదు. పాస్‌పోర్టు చూసి ఆమెను గుర్తించినట్టు, ఆమె తన ఎదుటే సంతకం చేసినట్టు నోటరీ తన ధ్రువీకరణలో రాశారు.

ఆ నోటరీ నిజమైన నోటరీయేనని తెనాలిలోని అధికారికి ఎలా తెలుస్తుంది? ఆ సందేహాన్ని తీర్చేదే అపోస్టిల్. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం సభ్య దేశాలు ఒకరి పత్రాలను మరొకరు ఈ ధ్రువపత్రంతో అంగీకరిస్తాయి. మన దేశంలో ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి అమల్లోకి వచ్చింది. అపోస్టిల్ ఒక పేజీ పత్రం. అందులో ఒకటి నుంచి పది వరకు అంకెలతో అంశాలుంటాయి. ఏ దేశం, సంతకం ఎవరిది, ఏ హోదాలో, ఎవరి ముద్ర, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు జారీ చేశారు, సంఖ్య ఎంత, చివరగా ముద్ర, సంతకం.

ఇందులో రెండో అంశం వద్ద ఉండాల్సింది నోటరీ పేరు. అధికారపత్రం ఇచ్చిన కుమార్తె పేరు కాదు. దీనిని చూసి పేరు తప్పు పడిందని కంగారుపడేవారు ఉన్నారు. అపోస్టిల్ ధ్రువీకరించేది నోటరీ సంతకాన్ని, హోదాను, ముద్రను మాత్రమే. లోపల రాసిన విషయం సరైనదా, ఆమెకు ఆస్తిలో హక్కుందా అన్నవి దాని పరిధిలోకి రావు. అందుకే అపోస్టిల్ ఉన్న పత్రం కూడా ముసాయిదా లోపంతో తిరస్కరణకు గురి కావచ్చు.

అమెరికాలో నోటరీకి అనుమతి ఇచ్చేది రాష్ట్రం. కాబట్టి అపోస్టిల్ కూడా ఆ రాష్ట్రమే ఇవ్వాలి. టెక్సాస్ నోటరీ అయితే ఆస్టిన్‌లోని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఇస్తుంది. పొరపాటున వాషింగ్టన్‌లోని కేంద్ర విదేశాంగ శాఖకు పంపితే తిరిగి వస్తుంది. అపోస్టిల్ కాగితాన్ని అసలు పత్రానికి పిన్నులతోనో, రిబ్బనుతోనో జత చేస్తారు. జిరాక్సు కోసం దానిని ఊడదీయరాదు. పిన్నులు పీకిన ఆనవాళ్లుంటే పేజీలు మార్చారన్న అనుమానం వస్తుంది.

కువైట్ నుంచి మరో దారి

కుమారుడికి ఈ విధానం పనికిరాదు. కువైట్ అపోస్టిల్ ఒప్పందంలో లేదు. యూఏఈది కూడా అదే పరిస్థితి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా సభ్య దేశాలు. సౌదీలో 2022 డిసెంబరులో, కెనడాలో 2024 జనవరిలో ఇది అమల్లోకి వచ్చింది. గతంలో బంధువులు ఏ విధానం అనుసరించారన్నది చూసి వెళ్లడం కంటే, హేగ్ ఒప్పంద సంస్థ వెబ్‌సైటులో దేశాల జాబితా చూసుకోవడం మేలు.

సభ్యత్వం లేని దేశంలో ఉన్నవారికి భారత రాయబార కార్యాలయమే సూటి మార్గం. కుమారుడు ముందుగా సమయం తీసుకుని, పాస్‌పోర్టు, ఫొటోలు, సాక్షులతో వెళ్లి కాన్సులర్ అధికారి ఎదుట సంతకం చేశారు. 33వ సెక్షన్‌లో భారత కాన్సులు పేరు ప్రత్యేకంగా ఉన్నందున దీనికి వేరే ధ్రువీకరణ అవసరం లేదు. అమెరికాలోని కుమార్తె కూడా హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ద్వారా ఈ పని చేయించుకోవచ్చు. రెండూ చెల్లుతాయి. ఏది త్వరగా అవుతుందన్నదే తేడా.

ముసాయిదాలో తప్పనిసరి మాటలు

పత్రంలో ‘నా ఆస్తి వ్యవహారాలన్నీ చూసుకొనుటకు’ అని రాస్తే విక్రయాధికారం వచ్చినట్టు కాదు. విక్రయించడం, క్రయ దస్తావేజుపై సంతకం చేయడం, దానిని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయడం, రాసి ఇచ్చినట్టు సబ్‌రిజిస్ట్రారు ఎదుట ఒప్పుకోవడం.. ఈ నాలుగు అధికారాలూ విడివిడిగా రాయాలి. ఆస్తి వివరాల్లో డోరు నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు పాత దస్తావేజులో ఉన్నట్టే ఉండాలి. తూర్పున ఉన్న ఇల్లు ఆ తర్వాత చేతులు మారి ఉంటే పాత పేరు, కొత్త పేరు రెండూ చూపాలి.

తెలుగు కుటుంబాల్లో పేర్లతోనే ఎక్కువ పేచీ వస్తోంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించి, పేరు తర్వాత వస్తుంది. కుమార్తె విషయంలో పెళ్లికి ముందు పుట్టింటి పేరు, ఆ తర్వాత భర్త ఇంటిపేరు. అమెరికా పౌరసత్వం వచ్చాక పాస్‌పోర్టే మారింది. ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని పత్రం మొదటి పేరాలోనే ‘అలియాస్’ అని చేర్చి రాయాలి. పాత, కొత్త పాస్‌పోర్టు నంబర్లు చూపాలి. ఈ ఒక్క పేరా లేక పత్రాన్ని మళ్లీ సముద్రాలు దాటించినవారు ఉన్నారు.

డబ్బు తీసుకునే అధికారాన్ని ప్రతినిధికి ఇవ్వాల్సిన పని లేదు. విక్రయ ధనాన్ని నేరుగా తన బ్యాంకు ఖాతాలోనే జమ చేయాలని రాస్తే మేనమామకూ మాట పడదు, కుమార్తెకూ బెంగ ఉండదు. పత్రాన్ని ఈ ఒక్క ఆస్తికి, ఈ ఒక్క లావాదేవీకి పరిమితం చేస్తే దుర్వినియోగానికి తావుండదు.

ఊరికి చేరాక మూడు నెలల గడువు

అపోస్టిల్‌తో సహా కుమార్తె పత్రం మార్చి 1న తెనాలికి చేరింది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని బీరువాలో పెడతారు. విదేశంలో రాసిన పత్రంపై మన స్టాంపు సుంకం చెల్లించి ఉండదు. భారత స్టాంపు చట్టం 18వ సెక్షన్ ప్రకారం అది దేశంలోకి మొదట అందిన నాటి నుంచి మూడు నెలల్లోగా సుంకం చెల్లించాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో జరుగుతుంది. దస్తావేజు లేఖరులు దీనిని ‘వాలిడేషన్’ అంటారు.

గడువు లెక్క సంతకం చేసిన తేదీ నుంచి కాదు, చేతికి అందిన తేదీ నుంచి. దానికి రుజువు కొరియర్ కవరు, రసీదు. పత్రం తీసుకుని కవరు పారేస్తే తేదీ నిరూపించడం కష్టమవుతుంది. గడువు దాటితే లోటు సుంకంతో పాటు దానికి పది రెట్ల వరకు జరిమానా పడే ప్రమాదం ఉంది. ప్రతినిధి దగ్గరి కుటుంబ సభ్యుడా, బయటి వ్యక్తా అన్నదాన్ని బట్టి సుంకం మారుతుంది. చట్టం చెప్పే కుటుంబ సభ్యుల జాబితాలో మేనమామ వంటి బంధువు వస్తారో లేదో ముందే విచారించుకోవడం మంచిది. కొన్ని సందర్భాల్లో తల్లినే ప్రతినిధిగా పెట్టుకుంటే ఖర్చు కలిసివస్తుంది.

మేనమామ మార్చి మొదటి వారంలోనే రెండు పత్రాలనూ జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించి సుంకం చెల్లించారు. మార్చి నెలాఖరున తల్లితో కలిసి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లారు. ఫొటోలు, వేలిముద్రలు వీరిద్దరివే. స్కాను ప్రతులు కాదు, అసలు పత్రాలే చూపారు.

అధికారపత్రం ఇచ్చినవారు మరణిస్తే అది అంతటితో రద్దవుతుంది. అందుకే కొనుగోలుదారు రిజిస్ట్రేషన్ రోజున వారిద్దరూ జీవించి ఉన్నారని, పత్రాన్ని రద్దు చేయలేదని మేనమామ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నారు. ఆ ఉదయమే వీడియో కాల్‌లో ఇద్దరితో మాట్లాడారు. వీడియో ఉపయోగపడేది ఇక్కడే. అది సంతకానికి ప్రత్యామ్నాయం కాదు, నమ్మకానికి అదనపు ఆసరా.

క్రయ దస్తావేజు లేకుండా కేవలం అధికారపత్రం, అగ్రిమెంటు రాసుకుని ఆస్తి చేతులు మార్చుకునే అలవాటు ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది. దానివల్ల యాజమాన్య హక్కు బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అధికారపత్రం కేవలం ఒకరి తరఫున సంతకం చేసే వీలు. హక్కును ఇచ్చేది రిజిస్టరు అయిన దస్తావేజే.

పన్ను కోతలో తేడా

చివరి మెట్టు సొమ్ము చెల్లింపు. ముగ్గురికీ తలా రూ.20 లక్షలు రావాలి. ఇక్కడ కొనుగోలుదారు పొరపాటు చేస్తే తర్వాత ఆదాయపు పన్ను శాఖ ఆయననే అడుగుతుంది. దేశంలోనే ఉండే తల్లి వాటాపై ఒక శాతం, అంటే రూ.20 వేలు మినహాయిస్తారు. మొత్తం బేరం రూ.50 లక్షలకు తగ్గనందున ఇది వర్తిస్తుంది. పిల్లలిద్దరూ ప్రవాసులు కాబట్టి వారికి ఒక శాతం సూత్రం వర్తించదు. దీర్ఘకాలిక మూలధన లాభంపై 12.5 శాతం, దానిపై 4 శాతం సెస్సు చొప్పున కోయాలి. 2024 జులై 23 నుంచి జరిగే విక్రయాలకు ఈ రేటు అమల్లో ఉంది.

పన్ను పడేది లాభంపైనే. 2001కి ముందు కొన్న ఆస్తికి ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. కుమార్తె వాటా విలువ అప్పట్లో రూ.1.5 లక్షలనుకుంటే లాభం రూ.18.5 లక్షలు. పన్ను, సెస్సు కలిపి రూ.2,40,500 అవుతుంది. ఆదాయపు పన్ను అధికారి నుంచి ముందుగా ధ్రువపత్రం తెచ్చుకుంటే అంతవరకే కోస్తారు. లేదంటే కొనుగోలుదారు తన జాగ్రత్త కోసం పూర్తి రూ.20 లక్షలపై రూ.2,60,000 కోస్తారు. ఎక్కువ పోయినదాన్ని రిటర్ను దాఖలు చేసి వాపసు తీసుకోవాల్సి ఉంటుంది. ఇద్దరికీ పాన్ కార్డు లేకపోతే అసలు పని ముందుకు సాగదు.

పిల్లల సొమ్ము వారి వారి ఎన్‌ఆర్‌వో ఖాతాల్లో జమ అవుతుంది. పన్ను చెల్లించాక, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రంతో ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, క్రయ దస్తావేజు నకలును బ్యాంకు అడుగుతుంది. ఇదే ఆస్తి వ్యవసాయ భూమి అయితే మరో పరిమితి ఉంది. వారసత్వంగా వచ్చిన సాగుభూమిని ప్రవాసులు అమ్ముకోవచ్చు. కానీ దేశంలో నివసించే భారత పౌరులకే అమ్మాలి. మరో ప్రవాస బంధువుకు అమ్మడం కుదరదు.

ఈ కుటుంబం ఏప్రిల్ 10 గడువుకు ముందే గట్టెక్కింది. ఇదే బేరంలో కుమార్తె పత్రం సిద్ధం చేశాకే అగ్రిమెంటు రాసుకుని ఉంటే ఈ ఉరుకులు పరుగులు ఉండేవి కావు. విదేశంలో వారసులున్న ఆస్తికి మూడు నెలల గడువు ఒప్పుకునే ముందు, అక్కడి సంతకానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కవేసుకోవడం అటు అమ్మేవారికీ, ఇటు కొనేవారికీ అవసరం.